పిన్‌కోడ్ మీద ప్రీమియం: న్యాయాన్ని కొలిచేదెలా?

రామకృష్ణాపూర్‌లో రాత్రి షిఫ్ట్‌కు బైక్‌పై బయలుదేరే బొగ్గుగని కార్మికుడు ఆ వేళ రోడ్డెక్కేది సరదా కోసం కాదు. కానీ డ్రైవింగ్ తీరును గమనించే యాప్‌కు ఆ సంగతి తెలియదు. అర్ధరాత్రి ప్రయాణాలు ఎక్కువ, బొగ్గు లారీల మధ్య హఠాత్తుగా బ్రేక్ వేయడాలు ఎక్కువ అని మాత్రమే అది నమోదు చేసుకుంటుంది. వృత్తి విధించిన నియమం కాస్తా అతని ప్రవర్తనా లోపంగా మారిపోతుంది.

ఇది ఊహకు మాత్రమే పరిమితమైన ప్రమాదం కాదు. వాహన నష్ట బీమా ధరలపై నియంత్రణ 2007లోనే సడలింది. ఎంత నడిపారు, ఎలా నడిపారు అన్నదాన్ని బట్టి ప్రీమియం నిర్ణయించే పథకాలకు 2022 జులైలో ఐఆర్‌డీఏఐ అనుమతి ఇచ్చింది. థర్డ్ పార్టీ ప్రీమియం మాత్రం ఇంకా ప్రభుత్వ నిర్ణయంలోనే ఉంది.

మెషీన్ లెర్నింగ్ నమూనాకు మతం అనే గడి అవసరం లేదు. మన పట్టణాల్లో వాడలే చాలా చోట్ల ఆ సమాచారాన్ని మోస్తాయి. చిరునామాను బట్టి ధర కడితే, అడగని ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

దీనికి తోడు చిన్న సంఖ్యల చిక్కు ఒకటుంది. ఒక వాడలో 40 పాలసీలు ఉండి ఏడాదికి 2 క్లెయిములు వస్తే నూటికి 5. మరొక్క ప్రమాదం జరిగితే నూటికి 7.5. ఒక్క దురదృష్టంతో వాడ మొత్తం ఒకటిన్నర రెట్లు ప్రమాదకరమైనదిగా కనిపిస్తుంది. అందుకే నిపుణులు చిన్న ప్రాంతపు లెక్కను జిల్లా సగటుతో కలిపి సరిచేస్తారు. ఆ సవరణ జరిగిందో లేదో పాలసీదారుకు తెలిసే మార్గం లేదు.

నష్టాలు నిజంగా ఎక్కువైతే ఎక్కువ ధర తప్పేమిటని కంపెనీలు అడగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. జవాబు లెక్కలోనే ఉంది: ప్రతి వంద రూపాయల ప్రీమియానికి ఆ ప్రాంతానికి తిరిగి వచ్చిన పరిహారమెంత? ఒక వాడకు 50, మరో వాడకు 70 ఏళ్ల తరబడి వస్తుంటే, మొదటి వాడ తన నష్టానికి మించి చెల్లిస్తోందన్నమాట. అమెరికాలో ప్రోపబ్లికా, కన్స్యూమర్ రిపోర్ట్స్ 2017లో ఇలా ప్రీమియాలను, చెల్లింపులను పక్కపక్కన పెట్టి చూశాయి. నష్టం ఒకే స్థాయిలో ఉన్నా, కొన్ని కంపెనీలు మైనారిటీలు నివసించే ప్రాంతాల్లో ఎక్కువ వసూలు చేస్తున్నాయని తేల్చాయి. కాలిఫోర్నియాలో నియంత్రణ సంస్థ వద్ద ప్రాంతాలవారీ లెక్కలు ఉండబట్టే ఆ పోలిక సాధ్యమైంది.

కనుక మనం కోరవలసింది రాయితీ కాదు, లెక్క. పిన్‌కోడ్ వారీగా ప్రీమియాన్నీ, చెల్లించిన క్లెయిములనూ ఐఆర్‌డీఏఐ ఏటా ప్రకటించాలి. ధర పెంచిన కారణాన్ని పాలసీదారుకు తెలుగులో రాసివ్వాలి. రాత్రి షిఫ్ట్ ప్రయాణమని యజమాని ధ్రువీకరిస్తే, ఆ గంటలను స్కోరు నుంచి తొలగించాలి. మనిషి చేసిన తప్పుకు అతడు చెల్లించడం న్యాయం. అతడి వాడ చిరునామాకు చెల్లించడం కాదు.