పురుగు ఫొటో పంపేముందు పక్కన రూపాయి బిళ్ళ పెట్టండి

మొక్కజొన్న వేసిన మన సంఘ సభ్యుడొకరు మొన్న మాకు ఫోనులో ఒక పురుగు ఫొటో పంపారు. బాగా దగ్గరగా తీసినది. రెండుసార్లు మందు కొట్టినా చావలేదని, మూడోసారికి దుకాణంలో ఇంకా ఖరీదైన మందు ఇస్తామంటున్నారని చెప్పారు.

అది కత్తెర పురుగేనని ఫొటోలోనే తేలింది. తలమీద తిరగేసిన ఇంగ్లీషు 'వై' అక్షరం తెల్లగా ఉంది. తోక దగ్గర నాలుగు నల్లచుక్కలు చతురస్రంలా ఉన్నాయి. ఈ రెండు గుర్తులూ కలిసి కనబడితే అనుమానం అక్కర్లేదు. 2018లో కర్ణాటకలో తొలిసారి బయటపడి, అక్కడి నుంచి మన చేలకు వచ్చినది ఇదే.

అయితే పేరు తెలిస్తే సరిపోదు, వయసు తెలియాలి. దగ్గర ఫొటోలో చిన్న పురుగు కూడా వేలంత కనిపిస్తుంది. అందుకే పక్కన రూపాయి బిళ్ళ పెట్టి మళ్ళీ తీయమన్నాం. బిళ్ళ అడ్డం సుమారు రెండు సెంటీమీటర్లు. పురుగు దానికి ఒకటిన్నర రెట్లు ఉంది. అంటే ఎదిగిన పురుగు, ఆఖరి దశల్లోది.

ఈ పురుగు లార్వాగా ఆరు దశలు దాటుతుంది. మొదట్లో ఆకు పచ్చదనాన్ని మాత్రమే గీకుతుంది. ఆకుమీద తెల్లటి కాగితపు పొరలాంటి మచ్చలు పడతాయి. అప్పుడు లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె (1500 పీపీఎం), ఉధృతి ఎక్కువైతే 0.4 గ్రాముల ఎమామెక్టిన్ బెంజోయేట్ సుడిలో పడేలా కొడితే పని చేస్తుంది. పెద్దదయ్యాక సుడిలోకి దిగి, తన రెట్టనే పైన అడ్డుగా పెట్టుకుంటుంది. పైన కొట్టిన మందు దానిదాకా పోదు. మన సభ్యుడి మందులు వృథా అయ్యింది ఇక్కడే.

ఎదిగినదానికి విషపు ఎర పెట్టాలి. పది కిలోల తవుడులో రెండు కిలోల బెల్లం, రెండు మూడు లీటర్ల నీళ్ళు కలిపి ఒక రోజు పులియనివ్వాలి. వేసే ముందు అరగంటకు 100 గ్రాముల థయోడికార్బ్ కలిపి, చేతికి తొడుగు వేసుకుని సాయంత్రం పూట సుడుల్లో వేయాలి. ఆ చేలోకి పశువులను వదలకూడదు, మేత కోయకూడదు.

మరో రెండు సంగతులు. చిన్న పురుగు తల నల్లగా ఉంటుంది, 'వై' కనబడదు. అప్పుడు ఫొటోను నమ్ముకోకుండా ఆకు మచ్చలూ, బూజులాంటి నూగు కప్పిన గుడ్ల గుంపులూ చూడాలి. ఆకులకు పెద్ద చిల్లులుండి, సుడుల్లో పురుగే దొరక్కపోతే, అది కోశస్థ దశకు మట్టిలోకి దిగిపోయి ఉంటుంది. అప్పుడు ఆకులమీద మందు కొట్టడం డబ్బు నేలపాలు చేసుకోవడమే.

ఒక్క ఫొటో ఒక్క మొక్క సంగతే చెబుతుంది. చేలో ఐదు చోట్ల, చోటుకు ఇరవై మొక్కల సుడులు విప్పి చూడండి. ఏ వయసు పురుగులు ఎక్కువున్నాయో లెక్క తేలాకే దుకాణం మెట్లెక్కండి.