వెయ్యి పదాలు పోవాలి, వాన మాట మిగలాలి

ఆఫీసు అయ్యాక రాత్రిళ్లు కూర్చుని రాసిన నా కాన్ఫరెన్స్ పేపర్ 5,000 పదాలు వచ్చింది. వాళ్ల పరిమితి 4,000. అంటే ఐదో వంతు తీసెయ్యాలి. మార్జిన్లు తగ్గించడం, ఫాంట్ చిన్నది చెయ్యడం లాంటి వేషాలు కుదరవు. టెంప్లేట్ వాళ్లదే.

పేపర్ మా అనంతపురం శెనక్కాయ గురించి. వాతావరణ శాఖ లెక్కలో సీజన్ వాన సగటుకి 19 శాతం అటూ ఇటూ ఉంటే అది ‘సాధారణం’. మా నాయన ఫోన్‌లో ఒక్క ముక్కలో చెప్పాడు: “వానేమో కురిసిందిరా, కావాల్సినప్పుడే కురవలేదు.” ఊడలు దిగి కాయ ఊరే రోజుల్లో వాన లేకపోతే, మొత్తం వాన ఎంత పడినా పంట దెబ్బతింటుంది. నా వాదన కూడా ఇదే. ఎర్రనేలల్లో వర్షాధార శెనక్కాయకి సీజన్ మొత్తం వాన కంటే, ఆ దశలో వచ్చే వరుస ఎండ రోజులే నష్టాన్ని బాగా చెప్తాయి.

మొదట చేసిన తప్పు ఏంటంటే, ఒక్కో వాక్యంలో రెండు మూడు పదాలు గీకడం. మూడు రాత్రులు కష్టపడితే 180 పదాలు తగ్గాయి, చదవడానికేమో గులకరాళ్ల మీద నడిచినట్టుంది. అప్పుడు అది వదిలేసి, ప్రతి పేరా పక్కన ఒక్క లైన్ రాశాను: ఇది వాదనా, రుజువా, లేక దారి చూపించే మాటా? మూడింట్లో ఏదీ కాని పేరాలే ముందు దొరికాయి.

పరిచయంలో అనంతపురం కరువు చరిత్ర రెండు పేరాలు రాశాను. నాకు చాలా ఇష్టమైన భాగం అది. కానీ అది లేకపోయినా వాదన నిలబడుతోంది. 300 పదాలు పోయాయి. పాత పరిశోధనల్ని ఒక్కోటి ఒక్కో పేరాగా చెప్పాను. వాటిని ‘మొత్తం వాన చూసినవి’, ‘వాన ఏ రోజుల్లో పడిందో చూసినవి’ అని రెండు గుంపులు చేస్తే 350 తగ్గాయి. ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం కొలిచే NDVI సూత్రం, (NIR − Red) / (NIR + Red), ఆ రంగంలో అందరికీ తెలుసు. దాని వివరణ, అలాంటివే ఇంకొన్ని తీస్తే 200. టేబుల్‌లో ఉన్న అంకెల్నే మళ్లీ వాక్యాల్లో చెప్పింది 100. ముగింపులో పరిచయాన్నే తిరగరాసింది 50. మొత్తం వెయ్యి. గీకిన ఆ 180 పదాల్ని మళ్లీ పెట్టేశాను.

‘రోజుకి 2.5 మిల్లీమీటర్ల లోపు పడితే ఎండ రోజు’ అన్న నిర్వచనాన్ని మాత్రం ముట్టుకోలేదు. అది పోతే నా లెక్కని ఇంకెవరూ సరిచూడలేరు. నా వాదనకి లొంగని ఒక మండలం గురించిన పేరాని కూడా ఉంచాను. స్థలం లేదనే సాకుతో అలాంటిదాన్ని తీసేస్తే అది కుదించడం కాదు, దాచడం.

పని అయిపోయిందనుకుని, పాత డ్రాఫ్ట్ చూడని కాలేజీ ఫ్రెండ్‌కి పంపాను. “నేను ఏం అంటున్నాను? దానికి రుజువేంటి? ఒక్కో వాక్యంలో చెప్పు” అని అడిగాను. రెండూ కరెక్ట్‌గా చెప్పి, ఒక ప్రశ్న వేశాడు: “బోరు ఉన్న చేలల్లో వాన లేకపోయినా పచ్చగానే ఉంటుంది కదరా, వాటినేం చేశావ్?”

గుండె జారింది. బోరు చేలని లెక్కలోంచి తీసేశామని పాత డ్రాఫ్ట్‌లో ఉంది. సూత్రం వివరణతో పాటు అది కూడా ఎగిరిపోయింది. ఆ మాట లేకపోతే ఫలితం అన్ని చేలకీ వర్తిస్తుందని చదివేవాళ్లు అనుకుంటారు. ఎవరూ అడగకపోయుంటే అబద్ధం అచ్చయ్యేది. ఆ 40 పదాలు వెనక్కి తెచ్చి, చర్చలో ఒక ఉదాహరణ తీసేశాను.

అందుకే పంపేముందు ఇప్పుడు ఈ రెండూ నడుపుతాను:

```
texcount paper.tex
git diff --word-diff draft1 -- paper.tex
```

మొదటిది పదాలు లెక్కపెడుతుంది. రెండోది, `draft1` అని ట్యాగ్ చేసి ఉంచిన పాత డ్రాఫ్ట్ నుంచి ఏ పదాలు పోయాయో చూపిస్తుంది. పోయినవాటిలో ‘వర్షాధార’, ‘మాత్రమే’, ‘తప్ప’ లాంటి హద్దులు చెప్పే మాటలున్నాయేమో వెతుకుతాను. పీడీఎఫ్‌లో ఎక్కడైనా `??` కనిపిస్తే, నేను తీసేసిన బొమ్మనో టేబుల్‌నో ఇంకో వాక్యం ఇంకా చూపిస్తోందని అర్థం.

చివరికి 3,990 దగ్గర ఆగింది. నాయనకి ఫోన్ చేసి సారాంశం తెలుగులో చదివాను. “ఇంత చిన్న మాటకి నాలుగు వేల పదాలెందుకురా?” అన్నాడు. రుజువు కోసం నాయనా అన్నాను.