నొప్పి గంటలో 12 నిమిషాలే

‘నొప్పులు పడలేను డాక్టరుగారూ, ఆపరేషన్ చేసేయండి’ అని ఏడో నెలలోనే అడిగే తొలిచూలు గర్భిణులు గణపవరం ప్రాంతంలో తక్కువేమీ కాదు. నొప్పి ఆగకుండా వస్తుందన్నదే వారి భయం. నిజానికి అది వచ్చి పోతుంటుంది. 5 నిమిషాలకోసారి వచ్చి నిమిషం ఉంటే, గంటలో నొప్పి 12 నిమిషాలు, విరామం 48 నిమిషాలు. కాన్పు దగ్గరపడేకొద్దీ విరామం తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. భయపడితే ఆ విరామంలోనూ ఒళ్లు బిగుసుకుని అలసిపోతారు. అందుకే ఎనిమిదో నెల నుంచి రోజూ 10 నిమిషాలు ముక్కుతో గాలి పీల్చి, నోటితో మెల్లగా వదులుతూ దవడ, భుజాలు సడలించడం అలవాటు చేసుకోండి.

5 నిమిషాలకోసారి నొప్పులు గంటసేపు వస్తే ఆసుపత్రికి బయల్దేరాలి. కొల్లేరు లంక గ్రామాలవారు అంతదాకా ఆగొద్దు. వానాకాలమైతే నెలలు నిండగానే ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో బంధువులింట ఉండటం మేలు. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా నొప్పుల కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రభుత్వాసుపత్రుల కాన్పు గదిలో ఒక మహిళ తోడుండేందుకు 2016లో కేంద్రం అనుమతించింది. అమ్మా, అత్తా, అక్కా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. తన కాన్పు కష్టాలు ఏకరువు పెట్టే మనిషి కాకుండా, నడుము రాస్తూ ‘ఈ నొప్పి తగ్గిపోతోంది’ అని చెప్పగలిగే మనిషి కావాలి. ఇంత చేసినా భయంతో రోజుల తరబడి నిద్ర పట్టకపోతే, చెకప్‌లో ఆ మాట డాక్టరుకు చెప్పండి.