తుప్పు సంగతి మనమే రాద్దాం

మార్కాపురం పలక అనగానే పెద్దవాళ్లకు చెక్క చట్రం, బలపం గుర్తొస్తాయి. ఆ పలకల కాలం దాదాపు పోయింది. ఇప్పుడు మన యూనిట్లలో కోస్తున్నది ఎక్కువగా గోడలకు అంటించే, నేలకు పరిచే, ఇళ్ల కప్పులకు వేసే రాయి. కంటెయినర్లకెక్కి విదేశాలకు పోతుంది. అక్కడ దిగాక చాలాసార్లు దాని పేరు 'ఇండియన్ స్లేట్' మాత్రమే. మార్కాపురం అన్న మాట దారిలో ఎక్కడో రాలిపోతుంది.

ఆ పేరు నిలబెట్టాలని మన కుర్రాళ్లు వెబ్‌సైట్లు పెడుతున్నారు, ఇన్‌స్టాలో రీల్స్ వేస్తున్నారు. తప్పేం లేదు. కానీ ఆ రీల్స్‌కి లైకులు కొట్టేది పక్క యూనిట్‌లో పనిచేసే స్నేహితుడు, గిద్దలూరులో ఉన్న మేనమామ. రాయి కొనే దిగుమతిదారుడు, దాన్ని అతికించే కాంట్రాక్టరు చదివే పత్రికలు వేరే ఉన్నాయి. అమెరికాలో 'స్టోన్ వరల్డ్' అలాంటిదే. ఇలాంటి వృత్తి పత్రికల్లో చాలావాటికి బయటివాళ్లు రాసిన వ్యాసాలు వేసుకునే అలవాటుంది. పాఠకులు అక్కడ సిద్ధంగానే ఉన్నారు, మనం వెళ్లి ఒక పేజీ అడగాలంతే.

అయితే ఆ పేజీని ఏం రాసి అడగాలన్న దగ్గరే మనవాళ్లు తప్పు చేస్తున్నారు. నేనూ చేశాను. మొదటిసారి పంపిన వ్యాసంలో మా రాయి ఎంత అందమైనదో, ఎన్ని రంగుల్లో దొరుకుతుందో, మేం సమయానికి ఎలా పంపుతామో రాశాను. మూడో రోజే జవాబొచ్చింది. ఇది ప్రకటన, దీనికి ధరల పట్టిక జత చేస్తున్నాం అని! నిజానికి ఆ ఎడిటర్ నాకు మేలు చేశాడు. డబ్బు కట్టి వేయించుకునేది ఒక రకం, ఉచితంగా వేసేది ఇంకో రకం. రెండోదానిలో చోటు దొరకాలంటే మన సరుకు గురించి కాదు, చదివేవాడి తలనొప్పి గురించి రాయాలి.

స్లేట్ వాడేవాడి తలనొప్పి ఏంటి? తుప్పు. గోడకు రాయి అతికించిన కొన్నాళ్లకు గోధుమరంగు చారలు కారతాయి. కొన్ని పలకల్లో పైరైట్ అనే ఖనిజం ఉంటుంది. ఇనుము, గంధకం కలిసినది. ఇత్తడి రంగులో మెరిసే చుక్కల్లా, చిన్న ఘనాల్లా కనిపిస్తుంది. నీరు, గాలి తగిలితే అది తుప్పుగా మారొచ్చు. మారొచ్చు అనే అంటున్నాను, ఎందుకంటే మెరిసేదంతా తుప్పు పట్టదు. గట్టిగా స్ఫటికంలా కట్టుకున్న పైరైట్ ఏళ్ల తరబడి అలాగే ఉండొచ్చు, పొడిపొడిగా ఉన్నది ఒక వానాకాలంలోనే కారొచ్చు. కంటితో చూసి తేల్చలేం. కొనేవాడికి తెలియాల్సిన విషయం ఇదే. పలకలు ఏరే చోట నిలబడినవాడు చెప్పగలిగిందీ ఇదే.

నేను ఈ మాట అంటే మా బాబాయి ఒంటికాలి మీద లేచాడు. "మన సరుకు తుప్పు పడుతుందని మనమే రాసేదేందిరా? రేపు ఆర్డరు పోతే నువ్విస్తావా?" అన్నాడు. ఆయన భయాన్ని తీసిపారేయలేం. ఒక్క కంటెయినరు వెనక్కి కొడితే చిన్న యూనిట్ కోలుకోవడానికి ఏడాది పడుతుంది. కానీ ఆ చారలు చూసినవాడు మన వ్యాసం కోసం ఆగడు బాబాయ్, ఇప్పటికే చూశాడు, చూసి 'ఇండియన్ స్లేట్ ఇంతే' అనుకున్నాడు అన్నాను. ఏ రాయి కారుతుంది, ఏది కారదు, ఎలా తేల్చుకోవాలి అని మార్కాపురం నుంచి ఒకడు చెబితే ఆ 'ఇంతే' అన్న మాట కాస్త సడలుతుంది. బాబాయి ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. యూనిట్ పేరు వ్యాసంలో రాకూడదన్నాడు. అది నాకూ మంచిదే అయింది, ఎందుకంటే ఎడిటర్లు కోరేదీ అదే. కంపెనీ పేరు వ్యాసం చివర రచయిత పరిచయంలో ఒక్కసారి వస్తే చాలు.

రెండోసారి వ్యాసం పంపలేదు, ముందు ఉత్తరం పంపాను. ఆరేడు వాక్యాలే. మీ పాఠకులు స్లేట్ గోడల మీద తుప్పు చారలు చూసే ఉంటారు. మెరిసే చుక్క ఉన్న ప్రతి పలకా కారదు. ఏది కారుతుందో కొనకముందే తేల్చుకునే పద్ధతి మీద 1,200 పదాలు రాస్తాను. నేను ఆంధ్రప్రదేశ్‌లోని మార్కాపురంలో స్లేట్ ఏరే పని చూసుకుంటాను. పరీక్షకు ముందు, తర్వాత తీసిన ఫొటోలున్నాయి. ఈ వ్యాసం ఇంకెవరికీ పంపలేదు. ఇంతే. ఆఖరి వాక్యం ముఖ్యం. ఒకే వ్యాసాన్ని నాలుగు పత్రికలకు ఒకేసారి పంపి దొరికిపోతే ఆ నాలుగు తలుపులూ మూసుకుంటాయి. రెండు మూడు వారాలు చూసి ఒక్కసారి గుర్తు చేయాలి. అప్పటికీ పలక్కపోతే, పంపడం లేదని వాళ్లకు చెప్పి ఇంకో పత్రికకు పోవాలి.

వ్యాసానికి వెన్నెముక ఆ పరీక్షే. కప్పులకు, బయటి గోడలకు వాడే స్లేట్‌కి యూరప్‌లో ఈఎన్ 12326 అనే ప్రమాణం ఉంది. అందులో పలకల్ని నీళ్లలో నానబెట్టి, 110 డిగ్రీల ఓవెన్లో ఆరబెట్టి, ఇలా 20 సార్లు తిప్పుతారు. చారలు కారకపోతే టీ-1. చారలు కారినా రాయి గట్టిగా ఉంటే టీ-2. తుప్పు రాయి లోపలికి దిగి రంధ్రం పడే ముప్పుంటే టీ-3. దీన్ని చదివేవాడి భాషలోకి దించడమే మన పని. టీ-2 రాయి ఇంటి లోపలి గోడకు పనికిరావచ్చు, తెల్లటి బయటి గోడ పైభాగాన వేస్తే మాత్రం కింద చారలు తేలతాయి. ఈ ఒక్క ముక్క కోసమే కాంట్రాక్టరు ఆ పేజీ చింపి దాచుకుంటాడు.

ఇక్కడో హెచ్చరిక. బకెట్లో నానబెట్టి డాబా మీద ఎండబెట్టి 'పరీక్ష చేశాం' అని రాయొద్దు. అది మనం ఏరుకోవడానికి పనికొచ్చే సొంత పద్ధతి. దాన్ని అదే పేరుతో చెప్పాలి. టీ-1 అని రాయాలంటే ల్యాబ్ కాగితం చేతిలో ఉండాలి. అది కూడా పరీక్షించిన ఆ క్వారీ పొర గురించే మాట్లాడుతుంది, మార్కాపురం రాయి మొత్తానికీ కాదు. పక్క క్వారీ రాయి వేరేలా ఉండొచ్చు. ఈ హద్దు వ్యాసంలో రాయడానికి జంకుతారు గానీ, చదివేవాడు మనల్ని నమ్మేది ఆ వాక్యం దగ్గరే.

ఫొటోల సంగతి కూడా చెప్పాలి. ఒకే పలక, ఒకే వెలుగు, పక్కన స్కేలు. ఫోన్‌తో తీసినా ఫర్వాలేదు గానీ వాట్సాప్‌లో పంపితే సైజు కుంచించుకుపోయి అచ్చుకు పనికిరాదు. ఒరిజినల్ ఫైలే ఈమెయిల్‌లో పంపాలి.

ఇంకోటి, నెలవారీ పత్రికలు రెండు మూడు నెలల ముందే సంచికను ఖాయం చేసుకుంటాయి. ప్రకటనదారుల కోసం పెట్టే మీడియా కిట్‌లో ఏ నెలలో ఏ అంశమో రాసి ఉంటుంది. అది ఎవరైనా చూడొచ్చు. బయటి గోడల సంచిక ఎప్పుడో చూసుకుని, దానికి నాలుగు నెలల ముందు ఉత్తరం పంపితే దారి సగం తెరిచినట్టే.

నా వ్యాసం కత్తిరింపుల తర్వాత 800 పదాలకు దిగింది. నాకు బాగా నచ్చిన మొదటి పేరా పోయింది. పేరు కింద మార్కాపురం మాత్రం మిగిలింది. దాన్ని చూసి ఇప్పటిదాకా రాసిన కొత్త కొనుగోలుదారుడు ఒక్కడే. ధర అడగలేదు. మీ దగ్గర టీ-1 కాగితం ఏ పొరకుందని అడిగాడు. ఆ ఈమెయిల్ చూసినప్పటి నుంచి బాబాయి రెండో పొర నమూనాలు కూడా ల్యాబ్‌కి పంపుదామంటున్నాడు.