ఖాళీ స్థలం అమ్మి ఇల్లు కట్టుకుంటే ఎందుకీ అదనపు పన్ను?



పాత ఇల్లు అమ్మి మరో ఇల్లు కొనుక్కుంటే, వచ్చిన లాభం మేరకు ఖర్చు పెడితే చాలు, పన్ను ఉండదు. అదే ఖాళీ స్థలం అమ్మి ఇల్లు కట్టుకుంటే లాభం ఒక్కటే సరిపోదు, అమ్మిన సొమ్మంతా ఇంట్లో పెట్టాలి. పాత చట్టంలో మొదటిది 54వ సెక్షన్, రెండోది 54ఎఫ్. 2025 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ల నంబర్లు మార్చింది గానీ ఈ లెక్కను మార్చలేదు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఎప్పుడో 20 లక్షలకు కొన్న స్థలం ఇప్పుడు కోటికి అమ్మారు. లాభం 80 లక్షలు. అందులో 60 లక్షలు పెట్టి ఇల్లు కట్టారు. అమ్మింది ఇల్లయి ఉంటే 80లో 60 తీసేసి, మిగిలిన 20 లక్షల మీదే పన్ను పడేది. స్థలం కాబట్టి కోటిలో 60 లక్షలు ఎంత వంతో, లాభంలో అంత వంతుకే మినహాయింపు. అంటే 48 లక్షలు. పన్ను పడే లాభం 32 లక్షలు. 12.5 శాతం చొప్పున 4 లక్షలు కట్టాలి. ఇల్లు అమ్మినవారికైతే రెండున్నర లక్షలే. సెస్ వేరు.

ఆ 32 లక్షలను 54ఈసీ బాండ్లలో, అంటే ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ వంటి సంస్థల బాండ్లలో పెడితే పన్ను తప్పుతుంది. కానీ ఇంటికి 60, బాండ్లకు 32 పోగా చేతిలో మిగిలేది 8 లక్షలు. మొదట పెట్టిన సొంత 20 లక్షల్లో 12 లక్షలు అయిదేళ్లు బాండ్లలో ఇరుక్కుపోతాయి. వాటిని మధ్యలో అమ్ముకోలేం, తాకట్టు పెట్టి అప్పూ తెచ్చుకోలేం. ఆ 20 లక్షలు లాభం కాదు, మన అసలు. అసలును కూడా కట్టిపడేస్తే తప్ప లాభానికి పూర్తి మినహాయింపు ఇవ్వమనడం అన్యాయం.

స్థలం కొనేది పెట్టుబడి కోసమనీ, ఇంటితో దాన్ని సమానం చేయలేమనీ అంటారు. మన ఊళ్లలో నెలనెలా వాయిదాలు కట్టి వెంచర్లలో ప్లాట్లు కొన్న ఉద్యోగులు ఇల్లు కట్టుకోవడానికే కొన్నారు. సంపన్నులు ఈ మినహాయింపును వాడుకుంటారన్న భయమూ అక్కర్లేదు. ఒకటికి మించి ఇళ్లున్నవారికి 54ఎఫ్ ఇప్పటికే వర్తించదు. పైగా 10 కోట్ల పరిమితి కూడా ఉంది.

గడువుల్లోనూ చిక్కుంది. ఇల్లు కట్టడానికి మూడేళ్లిస్తారు. రిటర్ను గడువులోగా ఖర్చు కాని సొమ్మును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేస్తే చాలు. బాండ్లకు మాత్రం అమ్మిన రోజు నుంచి ఆరు నెలలే. మేలో అమ్మినవారు మరుసటి ఏడాది జులైలో రిటర్ను వేసేందుకు ఆడిటర్ దగ్గరికి వెళ్లేసరికి ఆ గడువు ఎప్పుడో నవంబరులోనే దాటిపోయి ఉంటుంది.

మన డిమాండ్లు రెండు. స్థలం అమ్మినవారికీ లాభంలోంచి ఇంటి ఖర్చును నేరుగా తీసేసి, మిగిలినదానికే పన్ను వేయాలి. బాండ్ల గడువును రిటర్ను గడువు దాకా పెంచాలి. బడ్జెట్‌కు ముందు ఆర్థిక శాఖ సూచనలు అడిగినప్పుడు మీ సొంత లెక్కను ఈ రెండు పద్ధతుల్లోనూ వేసి, వచ్చిన తేడాను జతచేసి పంపండి. నకలు మీ ఎంపీకి ఇవ్వండి.