జీపీయూ అద్దెకు తీసుకోవాలా.. రెడీమేడ్ మోడల్‌ను పిలవాలా? ఆదోని పత్తి చేను చెప్పే లెక్క ఇదీ!

విశాఖలో గూగుల్ డేటా సెంటర్, గంటకు 65 రూపాయలకే జీపీయూ ఇస్తామంటున్న కేంద్రం ఇండియాఏఐ మిషన్.. ఇలా ఏఐ మెషీన్ల గురించి రోజూ ఏదో ఒక వార్త. మరి పశ్చిమ కర్నూలులో చిన్న టీమ్ ఒకటి రైతుల కోసం ఏఐ యాప్ చేయాలంటే ఆ జీపీయూ నిజంగా అవసరమా?

ముందు పాత కథ ఒకటి. 2016 ఖరీఫ్‌లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి ఇదే జిల్లా దేవనకొండ మండలంలో ఓ ప్రయోగం చేశాయి. 7 గ్రామాలు, 175 మంది వేరుశనగ రైతులు. 1986 నుంచి 2015 దాకా వాతావరణ లెక్కలు తీసి, పంటకు సరిపడా తేమ ఎప్పుడు ఉంటుందో అంచనా కట్టి, ఎప్పుడు విత్తాలో తెలుగులో ఎస్‌ఎంఎస్ పంపారు. దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని ఇక్రిశాట్ చెప్పింది. లెక్కంతా మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లోని రెడీమేడ్ సర్వీసుల మీదే నడిచింది. రైతు చేతిలో మెసేజ్ వచ్చే ఫోన్ ఉంటే చాలు.

అంకెల పట్టికలు కాబట్టి అది సరిపోయింది. ఫొటోల దగ్గరికొస్తే సంగతి వేరు.

ఆదోని మార్కెట్‌కు వచ్చే పత్తికి పెద్ద శత్రువు గులాబీ రంగు పురుగు. చేలో లింగాకర్షక బుట్ట పెట్టి, రోజుకు ఎన్ని మగ రెక్కల పురుగులు పడ్డాయో లెక్కపెడతారు. వరుసగా మూడు రోజులు బుట్టకు 8 చొప్పున పడితే మందు కొట్టే టైమ్ వచ్చినట్టే. బుట్టలో పడినవాటిని రైతు ఫొటో తీస్తే లెక్క ఫోన్‌కు రావాలి. ఇదీ మనం అనుకుంటున్న యాప్.

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల 200 మంది రైతులు, రోజుకో ఫొటో, 100 రోజులు అనుకుందాం. మొత్తం 20,000 ఫొటోలు. రెడీమేడ్ మోడల్‌కు ఫొటోకు అర్ధరూపాయి పడుతుందనుకుంటే సీజన్‌కు 10,000 రూపాయలు. ఫొటో రాని రోజు బిల్లూ రాదు.

సొంత మోడల్ అయితే? లేబుల్ వేసిన 2,000 ఫొటోలతో చిన్న మోడల్‌ను ట్రైన్ చేయడానికి ఒక్కోసారి 3 గంటలు, అలా పదిసార్లు ప్రయత్నించినా 30 గంటలు. గంటకు 65 చొప్పున 1,950 రూపాయలే! చవకే కదా అనిపిస్తుంది. కానీ జేబుకు చిల్లు పడేది ఇక్కడ కాదు.

ట్రైనింగ్ అయ్యాక ఫొటోల కోసం ఆ మెషీన్‌ను రాత్రీపగలూ ఆన్‌లో ఉంచితే నెలకు 46,800 రూపాయలు. అది చేసే పనెంత? ఫొటోకు ఒక సెకను చొప్పున 200 ఫొటోలకు నాలుగు నిమిషాలు కూడా పట్టదు. మిగతా రోజంతా ఖాళీగా కూర్చున్నా మీటర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ల్యాప్‌టాప్ మూసేస్తే క్లౌడ్‌లో మెషీన్ ఆగదు. దాన్ని స్టాప్ చేసినా డిస్క్‌కు అద్దె పడుతుంది. అందుకే జీపీయూను ట్రైనింగ్‌కే అద్దెకు తీసుకుని, తయారైన చిన్న మోడల్‌ను రైతు ఫోన్‌లోనో మామూలు సర్వర్ మీదో నడిపితేనే సొంత మోడల్ గిట్టుబాటు. అసలు కష్టం లేబుల్స్ దగ్గర. ఫొటోకు ఒక నిమిషం అనుకున్నా, 2,000 ఫొటోలకు 33 గంటలు ఎవరో ఒకరు కూర్చోవాల్సిందే. గంటకు 65కి దొరకనిది అదే (పురుగు తెలిసిన మనిషి కావాలి మరి!).

అలాగని రెడీమేడ్ మోడల్‌ను గుడ్డిగా నమ్మలేం. ఒకదానిపై ఒకటి పడి, రెక్కలు విరిగిన పురుగులను లెక్కపెట్టడంలో ఇలాంటి పెద్ద మోడళ్లు తడబడతాయి. వేరే పురుగునూ కలిపేస్తాయి. కంపెనీ మోడల్ వెర్షన్ మారిస్తే నిన్న వచ్చిన అంకె ఇవాళ రాకపోవచ్చు.

అందుకే జీపీయూ బుక్ చేసే ముందు ఒక పరీక్ష పెట్టాలి. ఫీల్డ్‌లో తీసిన 200 ఫొటోలను మనుషులతో లెక్కపెట్టించి, అవే రెడీమేడ్ మోడల్‌కు ఇవ్వాలి. ఇక్కడ సగటు తప్పు చూసి మురిసిపోతే దెబ్బతింటాం. 2 పురుగులను 3 అన్నా రైతుకు నష్టం లేదు. 9 ఉంటే 6 అంటే మాత్రం ఆ రోజు మందు ఆగిపోతుంది. కాబట్టి 6 నుంచి 10 మధ్య పడిన ఫొటోలను వేరుగా తీసి, వాటిలో ఎన్నిసార్లు 8 గీతకు అటుది ఇటు చెప్పిందో చూడాలి. అక్కడ గట్టిగా నిలబడితే సొంత ట్రైనింగ్ జోలికి వెళ్లక్కర్లేదు. తడబడితేనే ఆ 33 గంటల లేబులింగ్‌కు మనిషిని వెతకాలి. సొంత మోడల్ తయారయ్యాకా అవే 200 ఫొటోలతో పరీక్ష పెట్టాలి. ట్రైనింగ్‌లో మాత్రం వాటిని కలపకూడదు.