ఒక స్లైడుకు ఒకే మాట

జుబైల్‌లో మన కుళాయి నీళ్లు సముద్రం నుంచి వచ్చేవే కదా. ఆ పాఠం నోట్సు పేజీ మొత్తం ఒకే స్లైడులో పెడితే పిల్లలు చదువుతూ కూర్చుంటారు, మనం చెప్పేది వినరు. 'అందువల్ల', 'కానీ' అని వచ్చిన చోట్ల గీత గీసి చూడండి. నాకు మూడు ముక్కలొచ్చాయి:

గల్ఫ్ నీళ్లలో లీటరుకు సుమారు 40 గ్రాముల ఉప్పు ఉంటుంది.

బాగా ఒత్తిడి పెడితే నీళ్లు పొరను దాటతాయి, ఉప్పు ఆగిపోతుంది.

మిగిలిన చిక్కటి ఉప్పునీరు తిరిగి సముద్రంలోకే పోతుంది.

ఒక్కో వాక్యమే ఒక్కో స్లైడుకు శీర్షిక, కింద ఒక బొమ్మ. మిగతా వివరాలు స్లైడు కింది Notes గడిలో రాసుకుంటే తెర మీద కనబడవు. పక్కపక్కన పోల్చాల్సిన పట్టికను మాత్రం విడగొట్టకండి. చివరికి శీర్షికలే వరుసగా చదవండి. పాఠం అర్థం కాకపోతే మధ్యలో ఒక స్లైడు తప్పిపోయినట్టే.